వారానికి ఒక్కసారే: పిల్లల కీళ్లవాతం మాత్ర గురించి ఒక ప్రమాదకరమైన అపోహ

"వారానికి ఒక్క రోజు వేస్తే కీళ్లవాపు ఏం తగ్గుతుంది? రోజూ వేయండి, తొందరగా నయమవుతుంది." మెథోట్రెక్సేట్ వాడే పిల్లలున్న ఇంట్లో ఈ సలహా ఎప్పుడో ఒకసారి వినబడుతుంది. బార్కస్‌లో అయితే చెప్పేది పక్కింటి ఖాలా కావచ్చు, మందుల షాపులో కౌంటరు దగ్గరున్న కుర్రాడు కావచ్చు. చెప్పేవాళ్లు మంచికే చెబుతారు. కానీ ఈ ఒక్క సలహా పిల్లల ప్రాణం తీయగలదు.

ఈ మందు రక్తంలోంచి ఒకటి రెండు రోజుల్లో వెళ్లిపోతుంది. కణాల్లోకి చేరిన భాగం మాత్రం అక్కడే చాలా రోజులు ఉంటుంది. అందుకే ఒక్క రోజు వేసిన మందు వారమంతా పని చేస్తుంది. ఇది ఫోలిక్ యాసిడ్‌ను శరీరం వాడుకోకుండా అడ్డుకుంటుంది. ఎముక మజ్జ, నోటి పొర, పేగు పొర రోజూ కొత్త కణాలు తయారు చేసుకోవాలి కాబట్టి ముందు దెబ్బ తినేవి అవే. వారం ఎడం ఉంటే అవి కోలుకుంటాయి. రోజూ మింగిస్తే ఆ ఎడమే ఉండదు. అందుకే ఒకేసారి కాస్త ఎక్కువ మోతాదు పడిన దానికన్నా, చిన్న మోతాదే రోజూ పడటం ఎక్కువ ప్రమాదం.

ఉదాహరణకు 25 కిలోల ఎనిమిదేళ్ల పాపను తీసుకుందాం. శరీర ఉపరితలం సుమారు 0.9 చదరపు మీటర్లు. చదరపు మీటరుకు వారానికి 10 నుంచి 15 మిల్లీగ్రాములు మామూలు లెక్క కాబట్టి డాక్టరు వారానికి 10 మిల్లీగ్రాములు రాస్తారు. దాన్నే రోజూ వేస్తే వారానికి 70 అవుతుంది. మొదట వాంతులు, అన్నం వద్దనడం. కొద్ది రోజులకే నోరంతా పుండ్లు. ఇంట్లోవాళ్లు వేడి చేసిందనుకుంటారు. బి కాంప్లెక్స్ వేస్తారు, మజ్జిగ తాగిస్తారు, మెథోట్రెక్సేట్ కూడా వేస్తూనే ఉంటారు. అసలు ప్రమాదం ఇక్కడే. ఆ తర్వాత జ్వరం, విరేచనాలు, ముక్కులోంచి రక్తం, ఒంటిమీద ఎర్రటి చుక్కలు వస్తాయి. అప్పటికి తెల్ల రక్తకణాలు, ప్లేట్‌లెట్లు పడిపోయి ఉంటాయి.

ఈ పొరపాటు మన దగ్గర మాత్రమే జరిగేది కాదు. ఐరోపాలో మరణాలు కూడా సంభవించడంతో, పెట్టె మీద స్పష్టమైన హెచ్చరిక ఉండాలని, రోగికి ఒక కార్డు ఇవ్వాలని అక్కడి మందుల నియంత్రణ సంస్థ 2019లో సూచించింది. మన ఇళ్లలో ఇంకో చిక్కు ఉంది. దీనితోపాటు ఫోలిక్ యాసిడ్ కూడా రాస్తారు. రెండూ చిన్న పసుపు మాత్రలే కావచ్చు. ఫోలిక్ యాసిడ్ తరచూ వేయాల్సి వస్తే, ఆ రెండూ తారుమారు కావడానికి ఎంతో సేపు పట్టదు.

"ఇది క్యాన్సర్ మందు కదా" అనేవాళ్ల మాటలో నిజం ఉందని ఒప్పుకోవాలి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో చేసిన పనిలోంచి ఈ రకం మందులు వచ్చాయి. వాటిని మొదట వాడింది రక్తక్యాన్సర్ ఉన్న పిల్లలకే. అయితే కీళ్లవాతానికి ఇచ్చే మోతాదు క్యాన్సర్‌కు ఇచ్చే పెద్ద మోతాదులకన్నా చాలా తక్కువ. కీళ్లవాతం ఉన్న 127 మంది పిల్లల మీద జరిపిన పరీక్ష ఫలితాలు 1992లో వచ్చాయి. వారానికి చదరపు మీటరుకు 10 మిల్లీగ్రాముల మోతాదు పనిచేస్తుందని అవి చూపించాయి. కాలేయం మీద ప్రభావం ఉండవచ్చన్నదీ నిజమే. రక్తపరీక్షలు చేయించమనేది అందుకే. కీళ్లవాతం ముసలివాళ్లకే వస్తుందన్నది మాత్రం తప్పు. పదహారేళ్లలోపు పిల్లలకూ వస్తుంది.

మందు ప్రభావం కనబడటానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. ఆ ఆలస్యం చూసి మోతాదు పెంచకండి. ఒక రోజు ఖాయం చేసుకోండి. జుమ్మా అనుకుంటే ప్రతి జుమ్మాకే. ఆ రోజు పేరు చీటీ మీద పూర్తిగా రాయించుకోండి. మాత్ర వేసిన వెంటనే క్యాలెండర్‌లో గీత పెట్టండి. ఆ వారానికి సరిపడా మాత్రలే బయట ఉంచి, మిగతావి తాళం వేసి పెట్టండి. మర్చిపోతే రెండు రోజులలోపు వేయవచ్చు. అది దాటితే ఆ వారం వదిలేయండి, ఎప్పుడూ రెండు మోతాదులు కలపకండి. షాపులో సెప్ట్రాన్ ఇస్తే తీసుకోకండి. మెథోట్రెక్సేట్‌తో కలిస్తే అది ఎముక మజ్జను దెబ్బతీస్తుంది.

పొరపాటున వరసగా వేసేశారా? లక్షణాల కోసం ఎదురుచూడకండి. మందు ఆపి, మాత్రల షీట్లన్నీ పట్టుకుని అదే రోజు నిలోఫర్ లాంటి పిల్లల ఆసుపత్రికి వెళ్లండి. విరుగుడు ఫోలినిక్ యాసిడ్. ఇంట్లో ఉన్న ఫోలిక్ యాసిడ్ దానికి బదులు కాదు, ఎందుకంటే దాన్ని పనికొచ్చే రూపంలోకి మార్చే దారినే మెథోట్రెక్సేట్ మూసేస్తుంది. చీటీ మీద గానీ షాపు కవరు మీద గానీ "రోజూ" అని కనిపిస్తే, మందు వేసే ముందే రాసిన డాక్టరుకు ఫోన్ చేసి అడగండి.