తాడు భుజం మీదే ఉంది

అమెరికా పడమటి తీరంలో స్టాక్ మార్కెట్ పొద్దున్న ఆరున్నరకే తెరుచుకుంటుంది. న్యూయార్క్‌లో అప్పటికి తొమ్మిదిన్నర. మా రాజాంలో రాత్రి ఏడో ఎనిమిదో. ఆఫీసులో నా మొదటి మీటింగ్ తొమ్మిదికి. అంటే రోజూ నా చేతిలో రెండున్నర గంటలు ఖాళీ.

ఆ రెండున్నర గంటలే నాకు లక్షా పాతిక వేల పాఠం చెప్పాయి.

నేను ఓరెగాన్‌లో ఇంజనీర్‌ని. 2022 మొదట్లో ట్రేడింగ్ మొదలుపెట్టాను. ఖాతాలో 9,000 డాలర్లు వేశాను. అందులో కొంత ఊళ్ళో ఇంటికి స్లాబు వేయడానికని దాచింది. దసరాకి పంపిస్తానని నాన్నకి మాటిచ్చాను. ఈలోగా ఇంకాస్త పెంచి పంపుదామని నా ఆశ.

అప్పట్లో అక్కడ ఒక నియమం ఉండేది. 25,000 డాలర్ల కంటే తక్కువున్న మార్జిన్ ఖాతాలో, ఒకే రోజు కొని అమ్మేసే ట్రేడ్లు ఐదు పనిదినాల్లో మూడు దాటకూడదు. నాలుగోది చేస్తే ఖాతాకి ముద్ర పడిపోతుంది, ఆంక్షలు మొదలవుతాయి. చిన్నవాళ్ళని తొక్కడానికే ఈ రూల్ పెట్టారని తెగ తిట్టుకునేవాణ్ణి. వారానికి మూడే ట్రేడ్లయితే ఎప్పుడు సంపాదిస్తాం అని.

ఇరవై నిమిషాల్లో మూడూ అయిపోయాయి

2022 సెప్టెంబర్ 13, మంగళవారం. ఆ రోజు అమెరికా ద్రవ్యోల్బణం లెక్కలు వచ్చాయి. మా టైం ప్రకారం ఐదున్నరకి, అంటే మార్కెట్ తెరవడానికి సరిగ్గా గంట ముందు. ధరల పెరుగుదల 8.3 శాతం. అందరూ అనుకున్నదానికంటే ఎక్కువ. అప్పటిదాకా పైన ఉన్న ఫ్యూచర్స్ ఒక్కసారిగా కిందికి జారాయి.

నేనేం అనుకున్నానో తెలుసా? ‘అబ్బ, చవగ్గా దొరుకుతోంది!’

ఆరున్నరకి గంట కొట్టగానే ఒక చిప్‌ల కంపెనీ షేరు కొన్నాను. ఐదు నిమిషాల్లో ఇంకా పడింది. 310 డాలర్లు నష్టంతో అమ్మేశాను. అది తిరిగి రాబట్టాలని వెంటనే రెండోసారి కొన్నాను. 420 పోయింది. మూడోసారి బ్రోకర్ ఇచ్చే మార్జిన్ అప్పు కూడా కలిపి పెద్దది కొన్నాను. స్టాప్ లాస్ పెట్టలేదు. ఇక ఇంతకంటే పడదులే అని ధైర్యం.

తొమ్మిది మీటింగ్‌లో నా వంతు వచ్చేసరికి ఫోన్ బల్ల కింద ఉంది, కళ్ళు ఫోన్‌లో ఉన్నాయి. నిన్న ఏం పని చేశానో కూడా సరిగా చెప్పలేకపోయాను. మధ్యాహ్నం ముందు అమ్మేశాను. మూడోదాంట్లో 870 పోయాయి. మొత్తం 1,600 డాలర్లు. ఆ రోజు ఎస్ అండ్ పీ 500 సూచీ 4.3 శాతం పడింది.

అన్నిటికంటే నాకు సిగ్గనిపించింది ఒకటుంది. ఆ మూడుసార్లూ ‘ఎందుకు కొన్నావు?’ అని ఎవరైనా అడిగితే నా దగ్గర ఒకటే జవాబు. ‘పడింది కాబట్టి.’ ఎక్కడిదాకా పడితే నా లెక్క తప్పని ఒప్పుకోవాలో నాకే తెలీదు.

సంత నుంచి ఖాళీ చేతుల్తో

స్లాబు డబ్బులు ఆలస్యమవుతాయని నాన్నకి ఫోన్ చేశాను. దాచలేక జరిగింది చెప్పేశాను. తిడతాడనుకున్నా. తిట్టలేదు.

‘ఒరే బాబూ, సంతకెల్లినంత మాత్రాన ఎద్దు కొనాలనుందేటి?’ అన్నాడు.

మా నాన్న ఎద్దు కొనాలంటే నాలుగైదు సంతలు తిరుగుతాడు. చిన్నప్పుడు వెంట వెళ్ళేవాణ్ణి. భుజం మీద కొత్త తాడు వేసుకుని బయల్దేరేవాడు. ముందు పళ్ళు చూసేవాడు, వయసు తెలియడానికి. తరవాత గిట్టలు. తరవాత పది అడుగులు నడిపించమనేవాడు. పడుకున్న ఎద్దుని లేపించి ఎలా లేస్తుందో చూసేవాడు. అవన్నీ బాగుంటేనే దళారితో తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని బేరం. ఒక్కటి నచ్చకపోయినా ఇంటిముఖం. చాలాసార్లు తాడు భుజం మీదే తిరిగి వచ్చేది. ‘ఇంతదూరం వచ్చి ఊరికే పోతున్నామే’ అని నేను ఏడుపుముఖం పెట్టేవాణ్ణి.

‘ఊరికే ఎల్లలేదురా. ఇయ్యాల మంచి ఎద్దు రాలేదని తెలిసింది కదా’ అనేవాడు.

ఫోన్లో ఆ రోజూ అదే అడిగాడు. ‘నువ్వు పళ్ళు సూసే కొన్నావా?’

నా దగ్గర జవాబు లేదు.

పళ్ళు చూడటం నేర్చుకున్నా

ఎలాగూ మూడు ట్రేడ్లూ అయిపోయాయి కాబట్టి మిగతా వారం అదే రోజు కొని అమ్మడానికి లేదు. ఊరికే చూస్తూ కూర్చున్నాను. నోట్‌బుక్‌లో రాసుకోవడం మొదలుపెట్టాను. కొద్దిరోజులకే ఒకటి కనిపించింది. మొదటి పదిహేను నిమిషాల్లో ధర పిచ్చిగా అటూ ఇటూ కొట్టుకుంటుంది. రాత్రంతా ఆగిన ఆర్డర్లన్నీ ఒకేసారి వచ్చి పడతాయి మరి. నేను ఇన్నాళ్ళూ సరిగ్గా ఆ తొక్కిసలాటలోకే దూకుతున్నాను.

దాంతో ఒకే ఒక్క సెటప్ పెట్టుకున్నాను. సెటప్ అంటే వేరే ఏం లేదు, ఫలానా మూడు విషయాలు కనిపిస్తేనే కొంటాను అని ముందే రాసుకున్న షరతు.

ఒకటి, మొదటి పదిహేను నిమిషాలు ఏదీ ముట్టుకోను. ఆ సమయంలో షేరు తాకిన పై ధర, కింది ధర రెండు గీతలు గీసుకుంటాను. రెండు, ఐదు నిమిషాల క్యాండిల్ ఒకటి పై గీత దాటి ముగియాలి. ఊరికే తాకి వెనక్కొస్తే లెక్కలోకి రాదు. మూడు, దాటాక ధర మళ్ళీ ఆ గీత దగ్గరికి దిగి, అక్కడ ఆగి, పైన ముగియాలి. అప్పుడే కొనడం. అక్కడ కొంటే నా లెక్క తప్పని తెలిసే చోటు దగ్గర్లోనే, గీతకి కాస్త కింద, ఉంటుంది. కిందికి పడే షేరుకైతే ఇదే లెక్క తలకిందులుగా.

అక్టోబర్ 13న దీనికి పరీక్ష వచ్చింది. మళ్ళీ ద్రవ్యోల్బణం లెక్కలు. మళ్ళీ ఐదున్నరకి. మళ్ళీ అనుకున్నదానికంటే ఎక్కువ, 8.2 శాతం. మళ్ళీ మార్కెట్ తెరుచుకోగానే రెండు శాతానికి పైగా పడింది. అచ్చం పోయిన నెలలాగే! ఈసారి నా వేలు అమ్మకం బటన్ మీద ఉంది. ముందు అమ్మి, పడ్డాక కొని, పోయినదంతా లాగేద్దామని.

కానీ పదిహేను నిమిషాలు ఆగాను. తరవాత కింది గీత దాటి, తిరిగొచ్చి, ఆగాలి కదా. ఆ మూడూ ఒక వరసలో రానేలేదు. ధర పైకి తిరిగింది. సాయంత్రానికి సూచీ 2.6 శాతం లాభంతో ముగిసింది. అదే వార్త, అదే టైం, నెల తేడాలో పూర్తిగా రివర్స్!

ఆ రోజు నేనేం సంపాదించలేదు. పెరుగుతుందని కూడా నాకు తెలీదు. కానీ వార్త చూసి దిశ చెప్పేయొచ్చు అనే భ్రమ ఆ రోజుతో పోయింది.

ఒక ట్రేడ్, లెక్కతో సహా

నవంబర్లో ఒక రోజు. 40 డాలర్ల దగ్గరున్న షేరు. మొదటి పదిహేను నిమిషాల్లో పై ధర 40.60, కింది ధర 40.10. ఆరు యాభై ఐదుకి ఒక క్యాండిల్ 40.78 దగ్గర ముగిసింది. పాత నేనైతే అక్కడే దూకేవాణ్ణి. ఆగాను. ఏడూ పదికి ధర 40.58కి దిగింది. దిగేటప్పుడు కొనుగోళ్ళు అమ్మకాల పరిమాణం కూడా పలచబడింది, అంటే అమ్మే తొందర పెద్దగా లేదు. క్యాండిల్ 40.66 దగ్గర ముగిసింది.

40.68కి కొన్నాను. స్టాప్ లాస్ 40.43. అంటే తప్పయితే షేరుకి 25 సెంట్లు పోతాయి. ఎన్ని షేర్లు కొనాలన్నది ఇక్కడే తేలుతుంది. నా ఖాతాలో మిగిలింది 7,400. ఒక ట్రేడ్‌లో అందులో అర శాతం, అంటే 37 డాలర్లకి మించి పోకూడదని రూల్. 37ని 25 సెంట్లతో భాగిస్తే 148 షేర్లు. అంతే. ఎంత నమ్మకమున్నా 149 కాదు.

పోయేదానికి రెట్టింపు, అంటే 50 సెంట్ల లాభం దగ్గర అమ్మకం ఆర్డర్ ముందే పెట్టేశాను. ఏడూ యాభైకి 41.18 తాకింది. 74 డాలర్లు.

తరవాతి ట్రేడ్ కూడా అచ్చం ఇలాగే కనిపించింది. గీత దగ్గర ఆగింది, కొన్నాను. రెండు క్యాండిళ్ళకే ధర గీత కిందికి జారి అక్కడే ముగిసింది. మళ్ళీ పాత గిరిలోకి వచ్చిందంటే సెటప్ చచ్చినట్టే. స్టాప్ తాకింది, 37 పోయాయి. సెటప్ ఉంటే గెలుస్తామని కాదు. ఓడితే ఎంత పోతుందో ముందే తెలుస్తుంది, అంతే.

ఆ ఏడాది చివరిదాకా మార్కెట్ 54 రోజులు తెరిచింది. నేను చేసినవి 17 ట్రేడ్లు. ఏడు గెలిచాయి, పది ఓడాయి. అనుకున్న ధరకి కాస్త అటూ ఇటూ పడిన తేడాలు పోగా మిగిలింది దాదాపు 110 డాలర్లు.

ఇంతేనా అంటారేమో. ఇంతే. నెలకి కాఫీ ఖర్చు. స్లాబు చివరికి జీతం డబ్బుల్తోనే పడింది, దసరాకి కాదు, సంక్రాంతి దాటాక. కానీ తొమ్మిది మీటింగ్‌లో ఫోన్ బల్ల కింద పెట్టుకోవడం మాత్రం మానేశాను. ఎనిమిదిన్నరకి సెటప్ రాకపోతే ల్యాప్‌టాప్ మూసేసి ఉప్మా తినడమే.

రాజాం నుంచి మా చిన్నాన్న కొడుకు అప్పుడప్పుడు మెసేజ్ పెడతాడు. ‘అన్నయ్యా, ఆప్షన్స్‌లో ఏది కొనమంటావు?’ మన దగ్గర ఫ్యూచర్స్, ఆప్షన్స్ చేసిన వ్యక్తుల్లో 93 శాతం మంది మూడేళ్ళలో నష్టపోయారని సెబీ 2024లో లెక్క తేల్చింది. ఆ వార్త వాడికి పంపాను. చూసి బొమ్మ పెట్టి వదిలేశాడు. అందుకని ఈమధ్య ఏది కొనాలో చెప్పకుండా తిరిగి ఒకటే అడుగుతున్నాను. ‘ఎక్కడిదాకా వస్తే నువ్వు తప్పని ఒప్పుకుంటావురా?’

రెండు వారాలుగా వాడి దగ్గర్నుంచి జవాబు లేదు. ట్రేడ్ కూడా చేయలేదట. మొన్న సంతకి పెదనాన్నతో తనూ వెళ్ళానని ఫోటో పంపాడు. వెనకాల ఎడ్లు, పక్కన మా నాన్న.

తాడు భుజం మీదే ఉంది.