కొసల దగ్గర జాగ్రత్త: ఆకాశంలో కరెంటు తీగను చెరపడం

లాడ్‌బజార్‌లో నిలబడి సాయంత్రం పూట చార్మినార్ వైపు కెమెరా పెడితే ఎండ మన వెనక నుంచి పడుతుంది. మినార్లు పసుపు రంగు తిరుగుతాయి. వాటి వెనకున్న తూర్పు ఆకాశం పైన ముదురు నీలంగా ఉండి, కిందికి వచ్చేకొద్దీ పలచబడుతుంది. ఫోటో చూసుకుంటే ఆ నీలానికి అడ్డంగా ఒక కరెంటు తీగ ఉంటుంది. ఎడమ పక్క స్తంభం దగ్గర మొదలై, మినార్ ముందు నుంచి సాగి, కుడి పక్క దుకాణం పిట్టగోడ మీద దిగుతుంది. ఈ ఒక్క తీగనూ ఫోటోషాప్‌లో చెరపాలి. అందుకు పనికొచ్చే పనిముట్లు రెండు: క్లోన్ స్టాంప్, హీలింగ్ బ్రష్. ఏది ఎక్కడ వాడాలో తెలిస్తే సగం పని అయినట్టే.

రెండూ వాడే పద్ధతి ఒకటే. ఆల్ట్ కీ నొక్కి, తీగ లేనిచోట క్లిక్ చేసి నమూనా తీసుకుంటాం. తర్వాత తీగ మీద బ్రష్ రాస్తాం. తేడా అంతా లోపల జరిగే పనిలో ఉంది. క్లోన్ స్టాంప్ తీసుకున్న నమూనాను రంగూ వెలుగూ మార్చకుండా ఉన్నదున్నట్టు అతికిస్తుంది. 2002లో ఫోటోషాప్ 7తో వచ్చిన హీలింగ్ బ్రష్ అలా చేయదు. నమూనా నుంచి నూగును, అంటే ఫోటోలోని సన్నటి గరుకుదనాన్ని మాత్రమే తీసుకుంటుంది. రంగునూ వెలుగునూ మనం బ్రష్ రాసిన గీత అంచుల చుట్టూ ఉన్న చోటు నుంచి లెక్కగట్టి కలుపుతుంది. మొదటిది చీరకు అతుకు వేయడం, రెండోది రఫూ చేయడం. హీలింగ్ బ్రష్ రాస్తున్నంతసేపూ తెరమీద అతుకులాగే కనిపిస్తుంది. మౌస్ వదిలిన క్షణాన రంగు సర్దుకుని చుట్టుపక్కల కలిసిపోతుంది.

ఆకాశానికి హీలింగ్ బ్రష్ ఎందుకు నప్పుతుందో దీన్నిబట్టే తెలుస్తుంది. పై నుంచి కిందికి నీలం క్షణక్షణం మారుతూ ఉంటుంది. తీగకు కాస్త పైన నమూనా తీసుకుంటే అక్కడి నీలం ఒక పాలు ముదురు, కింద తీసుకుంటే ఒక పాలు లేత. క్లోన్ స్టాంప్‌తో తీగ పొడవునా రాస్తే తీగ పోతుంది గానీ దాని జాడలో రిబ్బన్ లాంటి చార మిగులుతుంది. హీలింగ్ బ్రష్ ఆ తేడాను తానే సరిచేసుకుంటుంది.

అయితే అదే గుణం గోడల దగ్గర చేటు చేస్తుంది. బ్రష్ గీత అంచు నల్లటి పిట్టగోడకు తగిలిందంటే, హీలింగ్ బ్రష్ లెక్కలోకి ఆ నలుపు కూడా వచ్చేస్తుంది. ఫలితంగా గోడ నుంచి ఆకాశంలోకి మసి పులిమినట్టు ఒక మరక పాకుతుంది. కొత్తవాళ్లు చేసిన ఫోటోల్లో తీగ పోయిన చోటును పట్టిచ్చేది చాలాసార్లు ఈ మరకే.

కాబట్టి పని కొసల దగ్గరే మొదలుపెట్టాలి. ముందుగా ఒక ఖాళీ లేయర్ చేర్చి, రెండు పనిముట్లకూ పైపట్టీలో Sample దగ్గర Current & Below ఎంచుకోవాలి. అప్పుడు అసలు ఫోటో చెక్కుచెదరదు, రాసిందంతా పై లేయర్‌లో ఉంటుంది. ఇక్కడొక చిక్కుంది. కింది ఫోటో రంగులను తర్వాత మార్చితే పైనున్న అతుకులు పాత రంగులోనే ఉండిపోతాయి. అందుకే వెలుగు, రంగు దిద్దుబాట్లు ముందే ముగించాలి, లేదా ఆ దిద్దుబాటు లేయర్లను అతుకుల లేయర్‌కు పైన పెట్టుకోవాలి. అలా పైన పెట్టినప్పుడు Sample కింద All Layers ఎంచుకుంటే దిద్దుబాటు రెండుసార్లు పడుతుంది.

తర్వాత బ్రష్ కొలత. కెమెరా జేపెగ్‌ను తయారుచేసేటప్పుడు అంచులకు పదును పెడుతుంది. దానివల్ల నల్ల తీగకు రెండు పక్కలా సన్నటి తెల్లంచు ఏర్పడుతుంది. బ్రష్ తీగ మందమే ఉంటే తీగ చెరిగిపోయి, దాని పక్కనున్న రెండు తెల్లగీతలూ మిగిలిపోతాయి. తీగ 8 పిక్సెళ్ల మందం ఉంటే బ్రష్ 20 నుంచి 25 పిక్సెళ్లు ఉండాలి.

ఇప్పుడు పిట్టగోడ దగ్గరికి వద్దాం. గోడ అంచు వెంబడి ఆకాశాన్ని మాత్రమే సెలెక్ట్ చేసి పెట్టుకుంటే బ్రష్ గోడ మీదికి పోదు. క్లోన్ స్టాంప్‌తో పక్కనే ఉన్న ఆకాశం నుంచి నమూనా తీసుకుని, గోడకు తగిలే చోట రెండు బ్రష్‌ల వెడల్పు మేర తీగను తెంపాలి. స్తంభం దగ్గర, మినార్‌కు రెండు పక్కలా కూడా ఇలాగే చేయాలి. దీంతో తీగ దేన్నీ తాకకుండా ఆకాశంలో రెండు ముక్కలుగా వేలాడుతుంది. ఇక ఆ ముక్కల చుట్టూ ఆకాశం తప్ప ఇంకేమీ లేదు కాబట్టి హీలింగ్ బ్రష్‌కు భయం లేదు.

ఆ ముక్కలు తీసేయడం నిమిషాల పని. తీగకు దగ్గరలో నమూనా తీసుకుని, ఒక చివర క్లిక్ చేసి, షిఫ్ట్ నొక్కి పట్టుకుని కొంత దూరంలో మళ్లీ క్లిక్ చేస్తే ఆ రెండింటి మధ్యా తిన్నగా గీత పడుతుంది. తీగ కొద్దిగా కిందికి వంగి ఉంటుంది కాబట్టి ఒకే గీతలో కాక చిన్నచిన్న అంగలుగా సాగాలి. మబ్బులున్నచోట నమూనాను తరచూ మారుస్తుండాలి. లేకపోతే ఒకే మబ్బు తునక పక్కపక్కనే రెండుసార్లు కనపడుతుంది. మనుషుల కన్ను అలాంటి జంటను ఇట్టే పట్టేస్తుంది.

చివరికి మిగిలేది మినార్ మీద పడ్డ తీగ. అసలు ఓపిక కావలసింది ఇక్కడే. ఇక్కడ మళ్లీ క్లోన్ స్టాంపే వాడాలి. మినార్ అంచు ఇంచుమించు నిట్టనిలువుగా ఉంటుంది. కాబట్టి తీగకు సరిగ్గా పైన, బ్రష్ నడిమధ్య అంచు మీద పడేలా ఆల్ట్ క్లిక్ చేయాలి. తర్వాత కింద తీగ మీద కూడా నడిమధ్య అంచు మీదే పెట్టి రాయాలి. బ్రష్ వలయంలో నమూనా ముందే కనిపిస్తుంది కాబట్టి అంచుకు అంచు కలిసిందో లేదో చూసుకోవచ్చు. ఒక్క పిక్సెల్ జరిగినా మినార్ అక్కడ విరిగి అతికినట్టుంటుంది. బ్రష్ అంచు మరీ మెత్తగా ఉంటే కట్టడం అక్కడ మసకబారుతుంది, మరీ కరుకుగా ఉంటే కత్తిరించినట్టుంటుంది. హార్డ్‌నెస్ 60 శాతం దగ్గర మొదలుపెట్టి సర్దుకోవచ్చు. నగిషీ చెక్కడాల మీదుగా తీగ పోతే, అదే నగిషీ అదే వెలుగులో ఇంకోచోట ఉందేమో వెతకాలి. లేకపోతే ఆ కొద్ది మేర తీగను ఉంచేయడమో, ఫోటో కత్తిరించుకోవడమో మేలు. లేని చెక్కడాన్ని కల్పించడం నాకు సమ్మతం కాదు.

అసలు చెరపకూడని ఫోటోలూ ఉన్నాయి. పత్రికలో వార్తగా వచ్చే ఫోటోలో తీగ కూడా సాక్ష్యమే. నార్సిసో కాంట్రేరాస్ అనే ఫోటోగ్రాఫర్ సిరియా యుద్ధంలో తీసిన ఒక ఫోటో మూలనున్న తోటి విలేకరి వీడియో కెమెరాను ఇలాగే క్లోన్ చేసి తీసేశాడు. అది తెలిసి అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ 2014 జనవరిలో ఆయనతో సంబంధం తెంచుకుంది. అంతకుముందు ఏడాదే పులిట్జర్ అందుకున్న బృందంలో ఆయన ఒకరు. గోడకు తగిలించుకునే ఫోటోకు ఆ కట్టుబాటు లేదు గానీ, పోటీకి పంపేముందు నిబంధనలు చదవాలి.

పని అయిందనుకున్నాక పరీక్ష పెట్టాలి. అన్నిటికీ పైన ఒక కర్వ్స్ లేయర్ చేర్చి, అందులోని గీతను పాము మెలికల్లా నాలుగైదుసార్లు ఎత్తుపల్లాలు చేయాలి. ఆకాశం వింత రంగుల పట్టీలుగా విడిపోతుంది. మామూలుగా కంటికి ఆనని అతుకు అందులో మచ్చలా తేలుతుంది. దాన్ని దిద్ది, ఆ కర్వ్స్ లేయర్‌ను తీసేయాలి. తర్వాత 100 శాతం సైజులో ఆకాశమంతా ఒకసారి చూడాలి. మెత్తటి బ్రష్‌తో ఒకేచోట పదేపదే రాస్తే నూగు అరిగిపోయి, అక్కడ మాత్రం ఆకాశం ప్లాస్టిక్‌లా నున్నగా ఉంటుంది. అలా కనిపిస్తే ఆ మేరకు చెరిపి, ఒకే గీతలో మళ్లీ రాయాలి. చివరగా గోడల మీద తీగ నీడ మిగిలిందేమో చూడండి. సాయంత్రపు ఏటవాలు ఎండలో ఆ నీడ తీగకు చాలా దూరంలో, ఏదో దుకాణం బోర్డు మీద పడి ఉంటుంది.