సకీఫా పందిరి కింద తెగని ప్రశ్న

మొహర్రం నెల వస్తే మన పల్లెల్లో పీర్లచావిడికి కళ వస్తుంది. నిప్పుల గుండం చుట్టూ డప్పులు మోగుతాయి. పీర్లకు మొక్కేవాళ్లలో హిందువులే ఎక్కువగా ఉండే ఊళ్లూ చాలానే ఉన్నాయి. అక్కడ జనం తలచుకునే హసన్, హుసేన్ ముహమ్మద్ ప్రవక్త మనవలు, ఆయన కూతురు ఫాతిమా కొడుకులు. తమ్ముడు హుసేన్ 680లో ఇరాక్‌లోని కర్బలా దగ్గర చనిపోయాడు. చంపింది పరాయి మతంవాళ్లు కాదు, ఆయన తాతగారి మతాన్ని పాటించే సైన్యమే. ప్రవక్త కన్నుమూసి అప్పటికి యాభై ఏళ్లు కూడా నిండలేదు.

సున్నీలు, షియాలు ఎందుకు విడిపోయారంటే చాలామంది కర్బలా పేరే చెబుతారు. కర్బలా ఆ గాయాన్ని మానకుండా చేసింది, నిజమే. గాయం తగిలింది మాత్రం అంతకు చాలా ముందు, మదీనా పట్టణంలో, బనూ సాఇదా అనే వంశంవాళ్లు కూర్చుని మాట్లాడుకునే ఒక పందిరి కింద. అరబ్బీలో దాన్ని సకీఫా అంటారు.

632 జూన్ నెల, సోమవారం. కొన్నాళ్లుగా జ్వరంతో బాధపడుతున్న ప్రవక్త, మసీదు పక్కనే ఉన్న భార్య ఆయిషా గదిలో ప్రాణం విడిచారు. ఆయనకు పుట్టిన మగపిల్లలందరూ పసితనంలోనే పోయారు. అల్లుడు, పెదనాన్న కొడుకు కూడా అయిన అలీ, మరికొందరు దగ్గరివాళ్లు భౌతికకాయానికి స్నానం చేయించే పనిలో ఉన్నారు. సరిగ్గా ఆ సమయంలోనే సకీఫాలో ఇంకో గుంపు చేరింది.

ఆ గుంపు ఎవరో తెలియాలంటే మదీనా సంగతి కొంచెం చెప్పుకోవాలి. మక్కాలో సొంతవాళ్లే వేధిస్తుంటే పదేళ్ల కిందట ప్రవక్త ఈ ఊరికి వలస వచ్చారు. ఆయనతోపాటు ఇల్లూ వాకిలీ వదిలి వచ్చిన మక్కావాళ్లు ముహాజిర్లు. వాళ్లకు నీడనిచ్చిన మదీనావాళ్లు అన్సార్లు, అంటే సహాయకులు. అన్సార్లలోనూ ఔస్, ఖజ్రజ్ అని రెండు తెగలున్నాయి. ప్రవక్త రాకముందు ఈ రెండూ ఒకదాన్నొకటి నరుక్కున్నవే. ప్రవక్త బతికి ఉన్నన్నాళ్లూ ఆ పాత పగలు అణిగి ఉన్నాయి. ఆయన పోగానే అన్సార్లకు భయం పట్టుకుంది. రెండేళ్ల కిందటి దాకా ప్రవక్తతో యుద్ధం చేసిన మక్కా పెద్దలు ఇప్పుడు ముస్లింలయ్యారు, రేపు వాళ్లు మన నెత్తినెక్కితే? అందుకే ఖజ్రజ్ నాయకుడు సఅద్ బిన్ ఉబాదాను ముందు పెట్టుకుని సమావేశమయ్యారు. ఆయన జబ్బుతో దుప్పటి కప్పుకుని కూర్చున్నాడట.

కబురు అందగానే ప్రవక్తకు మామగారైన అబూబకర్, ఉమర్, అబూ ఉబైదా అనే మరో సహచరుడు అక్కడికి వెళ్లారు. మొత్తం ముహాజిర్లలో అక్కడున్నది దాదాపు ఈ ముగ్గురే. మేమే ఆశ్రయమిచ్చాం, మేమే కత్తి పట్టాం, అధికారం మాకే రావాలని అన్సార్లు వాదించారు. అబూబకర్ వాళ్ల సేవను కాదనలేదు. కానీ మిగతా అరబ్బు తెగలు ప్రవక్త పుట్టిన ఖురైష్ తెగవాడికి తప్ప మరొకరికి తలవంచవని చెప్పాడు. మీలో ఒకడు, మాలో ఒకడు, ఇద్దరు నాయకులుందాం అని ఒక అన్సారీ బేరం పెట్టాడు. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని తేలిపోయింది. గొంతులు లేచాయి. అలజడి ముదురుతుండగా ఉమర్ చెయ్యి చాపి అబూబకర్ చేతిలో చెయ్యి వేశాడు. అలా చేతిలో చెయ్యి వేసి విధేయత ప్రకటించడాన్ని బైఅత్ అంటారు. ఖజ్రజ్‌కు అధికారం వెళ్లడం ఇష్టంలేని ఔస్‌వాళ్లు కదిలారు. ఖజ్రజ్‌లోనూ కొందరు సఅద్‌ను కాదని ముందుకొచ్చారు. జనం ఎగబడ్డారు. జబ్బు మనిషి సఅద్ ఆ తొక్కిసలాటలో నలిగిపోయాడు. మర్నాడు మసీదులో చాలామంది బైఅత్ చేశారు. అబూబకర్ మొదటి ఖలీఫా అయ్యాడు.

ఈ వివరాల్లో చాలావరకు ఉమర్ తానే చాలా ఏళ్ల తర్వాత చెప్పినట్టుగా సున్నీ గ్రంథాల్లో నమోదైనవి. అబూబకర్ ఎంపిక ఆదరాబాదరాగా జరిగిపోయిందని, దాని కీడు నుంచి దేవుడే కాపాడాడని, ఇకముందు ఎవరూ అలా చేయకూడదని ఆయన అన్నాడట. నాకు ఈ వృత్తాంతం మొత్తంలో అన్నిటికన్నా విలువైనదిగా అనిపించేది ఈ ఒప్పుకోలే. గెలిచిన పక్షమే తన గెలుపులో హడావుడి ఉందని రాసిపెట్టుకుంది. అయితే ఒక జాగ్రత్త అవసరం. మనకు దొరికే చరిత్రలు ఆ సంఘటన జరిగిన నూరేళ్ల తర్వాత, ఇంకా ఆలస్యంగా రాసినవి. అప్పటికే పక్షాలు ఏర్పడ్డాయి. ఎవరి కలం వాళ్ల వైపు కొంత ఒరిగే ఉంటుంది.

సకీఫాలో అలీ లేడు. ప్రవక్త వంశమైన బనూ హాషిం పెద్దలూ లేరు. అలీ ఆ తర్వాత కూడా కొన్ని నెలలు బైఅత్ చేయలేదు. ఫాతిమా చనిపోయేదాకా, అంటే ఆరు నెలలు ఆగాడని సున్నీలు ప్రామాణికంగా చూసే బుఖారీ సంకలనమే చెబుతోంది. ఈలోగా ఫదక్ అనే ఒయాసిస్సులోని తోటల మీద వివాదం కూడా వచ్చింది. తండ్రి ఆస్తిగా అది తనకు రావాలని ఫాతిమా అడిగితే, ప్రవక్తలకు వారసత్వ ఆస్తి ఉండదు, వాళ్లు వదిలివెళ్లింది దానమేనని తాను ప్రవక్త నోట విన్నట్టు అబూబకర్ చెప్పాడు. ఆమె కోపంతోనే వెళ్లిపోయింది. ఆమెను రాత్రివేళ ఖననం చేశారు.

అలీయే వారసుడని షియాలు చెప్పడానికి ముఖ్యమైన ఆధారం సకీఫాకు మూడు నెలల ముందటిది. చివరి హజ్ ముగించుకుని తిరిగొస్తూ ప్రవక్త గదీర్ ఖుమ్ అనే నీటిమడుగు దగ్గర ఆగారు. అలీ చెయ్యి పట్టుకుని, నేను ఎవరికి మౌలానో అలీ కూడా వాళ్లకు మౌలాయే అన్నారు. ఇది జరిగిందని సున్నీ పండితులూ ఒప్పుకుంటారు. తేడా వచ్చేది అర్థం దగ్గరే. మౌలా అంటే యజమాని, రక్షకుడు, ఆప్తుడు, ఇన్ని అర్థాలున్నాయి. నాయకత్వాన్ని అప్పగించారని షియాలంటారు. అలీ మీద కొందరు చేసిన ఫిర్యాదులకు జవాబుగా, ఆయన్ని ప్రేమించండని చెప్పారని సున్నీలంటారు.

పైకి ఇది ఎవరు ఎక్కాలన్న గొడవలా కనిపిస్తుంది. అసలు తేడా ఆ పీఠం ఎలాంటిదన్నదాంట్లో ఉంది. సున్నీల దృష్టిలో ప్రవక్తతోనే దైవసందేశం ముగిసింది. ఖలీఫా పని సమాజాన్ని నడపడం, చట్టాన్ని కాపాడడం. అలాంటివాణ్ణి పెద్దలు ఎంచుకోవచ్చు. షియాల దృష్టిలో సందేశం ముగిసినా దాన్ని తప్పుపోకుండా వివరించేవాడు ఎప్పుడూ ఉండాలి. అలాంటి ఇమామును దేవుడు నియమించాల్సిందే కానీ జనం చేతులెత్తి ఎన్నుకునేది కాదు.

ఈ తేడా మొదటిసారి బాహాటంగా బయటపడింది 644లో అనుకుంటాను. అబూబకర్ చనిపోతూ ఉమర్‌ను నియమించి వెళ్లాడు. పదేళ్ల తర్వాత ఉమర్ మసీదులో కత్తిపోట్లకు గురయ్యాడు. ప్రాణం పోయేలోగా ఆరుగురి పేర్లు చెప్పి, మూడు రోజుల్లో మీలో ఒకర్ని ఎంచుకోమన్నాడు. ఆ ఆరుగురిలో అలీ ఉన్నాడు, ఉస్మాన్ ఉన్నాడు. అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ తాను పోటీ నుంచి తప్పుకుని మధ్యవర్తి అయ్యాడు. ఆయన భార్య ఉస్మాన్‌కు తల్లి వైపు చెల్లెలు అన్న విషయం షియా రచయితలు గుర్తుచేయకుండా ఉండరు. చివరికి పోటీ ఇద్దరి మధ్యే మిగిలింది. అబ్దుర్రహ్మాన్ ఇద్దరినీ ఒకటే అడిగాడు. దైవగ్రంథాన్ని, ప్రవక్త పద్ధతిని, మొదటి ఇద్దరు ఖలీఫాల పద్ధతిని పాటిస్తావా? ఉస్మాన్ సరేనన్నాడు. అలీ మాత్రం మొదటి రెండింటినీ ఒప్పుకుని, మూడోదానికి కట్టుబడలేదు. నాకు తెలిసినంతలో, నా చేతనైనంతలో చేస్తానన్నట్టుగా చెప్పాడు. పదవి ఉస్మాన్‌కు వెళ్లింది. ఆ ఒక్క మూడో షరతు దగ్గరే రెండు దారులు చీలడం చూడవచ్చు. పెద్దలు వేసిన బాట మతంలో భాగమా, కాదా?

తర్వాత కథ వేగంగా నెత్తురుమయమైంది. బంధువులకు పదవులు కట్టబెట్టాడన్న ఆరోపణల మధ్య 656లో తిరుగుబాటుదారులు ఉస్మాన్‌ను ఇంట్లోనే చంపారు. అలీ ఖలీఫా అయ్యాడు. ఉస్మాన్ బంధువు, సిరియా గవర్నరు ముఆవియా, హంతకులను శిక్షించనిదే విధేయత చెప్పనన్నాడు. 657లో సిఫ్ఫీన్ దగ్గర రెండు సైన్యాలు ఢీకొన్నాయి. షియా అంటే అప్పటికి పక్షం అనే మామూలు మాట. అలీ పక్షం ఉన్నట్టే ఉస్మాన్ పక్షమూ ఉండేది. 661లో అలీని కూఫాలో ఒక హంతకుడు పొడిచాడు. పెద్దకొడుకు హసన్ ముఆవియాతో రాజీపడి తప్పుకున్నాడు. ముఆవియా తన కొడుకు యజీద్‌ను వారసుడిగా ప్రకటించడంతో ఖలీఫా పీఠం రాజుల గద్దెలా తండ్రి నుంచి కొడుక్కు వెళ్లింది. యజీద్‌కు బైఅత్ చేయనని హుసేన్ కూఫా వైపు బయలుదేరాడు. రమ్మని ఉత్తరాలు రాసిన కూఫావాళ్లు ఆఖరి నిమిషంలో వెనక్కి తగ్గారు. మొహర్రం పదో రోజున హుసేన్, ఆయన వెంట ఉన్న కొద్దిమంది చనిపోయారు.

ఆ సిగ్గుతోనే నాలుగేళ్ల తర్వాత కూఫాలో కొందరు తమను తాము పశ్చాత్తాపపరులని పిలుచుకుని, హుసేన్ సమాధి దగ్గర ఏడ్చి, చావడానికే అన్నట్టు సిరియా సైన్యం మీదికి వెళ్లారు. రాజకీయ పక్షం భక్తి సమాజంగా మారడం ఇక్కడే మొదలైందని చాలామంది చరిత్రకారులు భావిస్తారు. దానికి సిద్ధాంతం మాత్రం ఇంకా తర్వాత వచ్చింది. హుసేన్ మునిమనవడు జాఫర్ సాదిక్ 765లో చనిపోయేదాకా మదీనాలో పాఠాలు చెబుతూ గడిపాడు. 750లో ఉమయ్యద్ వంశం కూలి అబ్బాసీలు గద్దెనెక్కుతుంటే ఆయన ఆ పోటీ దరికే వెళ్లలేదు. సింహాసనం లేకపోయినా ఇమామ్ ఇమామేనని, ప్రతి ఇమామూ తర్వాతివాణ్ణి దైవాజ్ఞతో పేర్కొంటాడని చెప్పే సిద్ధాంతం ఆయన కాలంలోనే గట్టిపడింది. అవతలి వైపు, అలీని కాదనే ధోరణి కూడా కొన్నిచోట్ల బలంగా ఉండేది. మొదటి నలుగురినీ, అలీతో సహా, సరైన ఖలీఫాలుగా గౌరవించాలన్న సున్నీ సూత్రం స్థిరపడింది 9వ శతాబ్దంలో.

షియాలలో అత్యధికులు నమ్మే వరుసలో ఇమాములు పన్నెండుమంది. 874లో పదకొండో ఇమామ్ సమర్రాలో చనిపోయాక, ఆయన కొడుకు దైవాజ్ఞతో అదృశ్యంగా ఉన్నాడని, కాలాంతంలో తిరిగి వస్తాడని వాళ్ల విశ్వాసం. మరి ఆయన వచ్చేదాకా సమాజాన్ని నడిపేదెవరు? సకీఫాలో లేచిన ప్రశ్నే షియాలలోనే మళ్లీ లేచింది. ఇమామ్ లేని కాలంలో ఆ బాధ్యత నీతిమంతుడైన ధర్మశాస్త్ర పండితుడిదని 1979 ఇరాన్ రాజ్యాంగం రాసుకుంది. ఇరాక్‌లోని నజఫ్ పట్టణంలో పాఠాలు చెప్పే షియా పెద్దల్లో చాలామంది పండితుడి అధికారాన్ని అంతదూరం సాగదీయడానికి ఒప్పుకోరు.