"కాగితం ఎక్కడ ఇవ్వాలి?"

రాత్రి తొమ్మిదిన్నరకు ఫోన్ మోగింది. మా ఎనిమిదో తరగతి పాప తండ్రి వాట్సాప్‌లో పంపిన సందేశం. ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టిన తెలుగు. "సార్, పాపకు సర్టిఫికెట్ కావాల. అర్జెంటు." అంతే.

హోసూరు ప్రాంతంలో తెలుగు మాధ్యమం బళ్లలో పనిచేసేవాళ్లకు ఇలాంటి సందేశాలు కొత్త కాదు. బడి ఇచ్చే కాగితాలు ఒకటా రెండా! పాప ప్రస్తుతం మా దగ్గర చదువుతోందని చెప్పే బోనఫైడ్ ఒకటి. ఏయే సంవత్సరాల్లో ఏయే తరగతులు చదివిందో చెప్పే స్టడీ సర్టిఫికెట్ ఇంకొకటి. బడి మారేవాళ్లకిచ్చే టీసీ మరొకటి. ఆధార్‌లో మార్పులకైతే వాళ్ల ఫారం మీదే ఫోటో అంటించి హెడ్మాస్టరు సంతకం పెట్టాలి. ఇంట్లో వాళ్లకు మాత్రం అన్నీ "సర్టిఫికెట్టే".

ఆ రాత్రి నేను శ్రద్ధగానే జవాబు రాశాననుకున్నాను. ఏ సర్టిఫికెట్? ఎందుకు కావాలి? ఏ తరగతి నుంచి ఏ తరగతి వరకు? ఎప్పటికి కావాలి? తమిళంలోనా, ఇంగ్లీషులోనా? అంకెలు వేసి మరీ ఐదు ప్రశ్నలు పంపాను. ఒకేసారి అన్నీ అడిగేస్తే పని తేలిపోతుందని నా లెక్క.

మర్నాడు పొద్దున జవాబొచ్చింది. "ఎల్లుండికి సార్. టీసీ అనుకుంటా."

ఐదింటిలో నాలుగోదానికి మాత్రమే సరైన జవాబు దొరికింది. ఎప్పటికి కావాలో ఆయనకు తెలుసు కాబట్టి చెప్పాడు. మొదటిదానికి తోచింది రాశాడు. ఆయన విన్న సర్టిఫికెట్ పేరు టీసీ ఒక్కటే మరి. మిగతా మూడూ వదిలేశాడు. నాకు మాత్రం విషయం తేలినట్టే అనిపించింది. ఈ ఏడాది మధ్యలో ఎందుకు వెళ్లిపోతున్నారో అనుకుంటూనే హెడ్మాస్టరుగారికి చెప్పాను.

తమిళనాడులో టీసీ ఇవ్వడమంటే ఒక కాగితం రాసివ్వడం కాదు. ఎమిస్‌లో టీసీ తీస్తే పాప పేరు మా బడి జాబితా నుంచి తొలగి కామన్ పూల్‌లోకి పోతుంది. ఇంకో బడి అక్కడి నుంచి తన జాబితాలోకి తీసుకోవాలి. పొరపాటున తీస్తే మళ్లీ మేమే ఆ పాపను కొత్తగా చేర్చుకోవాల్సిన పరిస్థితి. అదృష్టవశాత్తు హెడ్మాస్టరుగారు నెమ్మది మనిషి. "తండ్రిని ఒకసారి రమ్మనండి, సంతకం కావాలి కదా" అన్నారు.

ఆయన షిఫ్టు దిగి వచ్చాడు. హెడ్మాస్టరుగారు కూర్చోబెట్టి ఒక్కమాట అడిగారు. "ఈ కాగితం ఎక్కడ ఇవ్వాల?"

"మా కంపెనీలో సార్. పిల్లల చదువుకు ఏదో సాయం చేస్తారంట. మీ పాప చదువుతా ఉండేది నిజమేనని బడి నుంచి రాయించుకు రమ్మన్నారు."

అయిపోయింది. కావలసింది బోనఫైడ్. ఈ విద్యాసంవత్సరంలో ఎనిమిదో తరగతి చదువుతోందని, కంపెనీ ఆఫీసుకు కాబట్టి ఇంగ్లీషులో, బడి లెటర్‌హెడ్ మీద రాయాలి. పది నిమిషాల పని. నా ఐదు ప్రశ్నల్లో ఆయన వదిలేసిన మూడింటికీ ఈ ఒక్క ప్రశ్నతోనే జవాబు దొరికింది. తప్పు చెప్పిన దానికీ దొరికింది.

ఆ రోజు నుంచి ఈ సంగతి మీద ఆలోచిస్తూనే ఉన్నాను. నా జాబితాలో "ఎందుకు కావాలి?" అన్న ప్రశ్న ఉంది కదా, దాదాపు అదే ప్రశ్న హెడ్మాస్టరుగారి నోట పనిచేసి, నా ఫోన్‌లో ఎందుకు పనిచేయలేదు?

మొదటి కారణం, ఐదు ప్రశ్నలు వచ్చినప్పుడు చదివే మనిషికి వాటిలో ఏది ముఖ్యమో తెలియదు. అన్నీ ఒకే ఎత్తున కనబడతాయి. సులువైనది ఎంచుకుని జవాబిస్తాడు. గడువు చెప్పడం సులువు, కారణం రాయడానికి నాలుగు వాక్యాలు కావాలి. షిఫ్టు మధ్యలో ఫోన్ చూసుకునే మనిషి నాలుగు వాక్యాలు కొట్టడు. పైగా మన ఇళ్లలో చాలామంది తెలుగు మాట్లాడతారే కానీ చదువు తమిళంలోనో కన్నడంలోనో సాగినవాళ్లు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టడం వాళ్లకు పెద్ద శ్రమ. ఒక్క ప్రశ్న అడిగితే ఆ శ్రమ అంతా అవసరమైన చోటే పెడతారు, లేదా మైకు గుర్తు నొక్కి రెండు మాటలు చెప్పేస్తారు.

రెండోది, నా ప్రశ్నలు ఒకదానిమీద ఒకటి ఆధారపడినవి. ఎక్కడ ఇవ్వాలో తెలిస్తే ఏ సర్టిఫికెట్టో తెలుస్తుంది. ఏ సర్టిఫికెట్టో తెలిస్తే ఏ తరగతులు రాయాలో తెలుస్తుంది. వేరు పట్టుకోకుండా కొమ్మలన్నీ ఒకేసారి లాగాను నేను.

మూడోది అన్నిటికంటే ముఖ్యం. "ఏ సర్టిఫికెట్?" అన్నది బడి ఆఫీసు భాషలో అడిగిన ప్రశ్న. సర్టిఫికెట్ల పేర్లు తెలిస్తే ఆయన ముందే రాసేవాడు. తెలియనిదాన్నే అడిగితే మనిషి రెండింటిలో ఒకటి చేస్తాడు. ఊరుకుంటాడు, లేదా ఏదో ఒక పేరు చెబుతాడు. ఊరుకున్నా నష్టం లేదు, మళ్లీ అడుగుతాం. పేరు చెబితేనే ప్రమాదం, ఎందుకంటే అది అచ్చం జవాబులాగే ఉంటుంది. "ఎక్కడ ఇవ్వాలి?" అన్నది ఆయన కళ్లతో చూసిన విషయం. అడిగిన మనిషి, అడిగిన ఆఫీసు ఆయనకు తెలుసు. తెలిసినదాన్ని అడగాలి. పేరు పెట్టే పని మనది.

ఇప్పుడు సగం సందేశం వస్తే నేను చేసే పని ఇది. ముందు నాకు తెలియనివన్నీ ఒక చిత్తుకాగితం మీద రాసుకుంటాను. వాటిలో మా దగ్గరే దొరికేవి కొట్టేస్తాను. పుట్టిన తేదీ, చేరిన తేదీ, ఇంటిపేరు అక్షరాలు, చదివిన తరగతులు అడ్మిషన్ రిజిస్టర్లో ఉంటాయి. వాటిని తల్లిదండ్రులను అడగడం మన బద్ధకం. మిగిలినవాటిలో ప్రతిదానికీ ఒక పరీక్ష పెడతాను. దీనికి ఈ జవాబు వస్తే ఏం చేస్తాను, ఆ జవాబు వస్తే ఏం చేస్తాను? రెండింటికీ ఒకే పని చేసేటట్లయితే ఆ ప్రశ్న అనవసరం. చివరికి ఒకటో రెండో మిగులుతాయి. అందులో ఏది తేలితే రెండోది తనంతట తేలుతుందో దాన్ని అడుగుతాను.

ఒక ఉదాహరణ చెబుతాను. నిరుడు పదో తరగతి పూర్తయిన అబ్బాయి తల్లి రాసింది. "సార్, బాబు చదివినట్టు కాగితం కావాల." నేను అడిగింది ఒక్కటే. "అమ్మా, ఆ కాగితం ఎక్కడ ఇవ్వాలి?" గంటలో వాయిస్ మెసేజ్ వచ్చింది. "చిత్తూరు పక్క పాలిటెక్నిక్‌లో చేరుస్తా ఉండాం సార్. నాలుగో తరగతి నుంచి చదివిందంతా చూపమంటారు. సోమవారం పోవాల."

ఆంధ్రప్రదేశ్‌లో పాలిటెక్నిక్ ప్రవేశాలకు నాలుగు నుంచి పది వరకు స్టడీ సర్టిఫికెట్లు అడుగుతారు. అభ్యర్థి స్థానికుడా, స్థానికేతరుడా అన్నది చదివిన చోటును బట్టి కూడా చూస్తారు కనుక ఆ వివరాలు కావాలి. అంటే బోనఫైడ్ పనికిరాదు. ఏ సంవత్సరం ఏ తరగతి, ఏ ఊళ్లో అన్నది వరుసగా రాసిన స్టడీ సర్టిఫికెట్ కావాలి. అక్కడివాళ్లు తమిళం చదవలేరు కాబట్టి ఇంగ్లీషులోనే ఉండాలి. గడువు ఆమే చెప్పింది. రిజిస్టర్ తీసి చూస్తే అబ్బాయి మా దగ్గర చేరింది ఆరో తరగతిలో. కాబట్టి నా రెండో సందేశంలో ప్రశ్న లేదు. "ఆరు నుంచి పది వరకు మేం ఇస్తామమ్మా, శుక్రవారం తీసుకోండి. నాలుగు, ఐదు తరగతులకు మీ ఊరి ప్రైమరీ బళ్లో రేపే అడగండి." నాలుగో తరగతి అన్న మాట ఆమె నోట రాకపోయి ఉంటే సోమవారం చిత్తూరు దాకా వెళ్లి వెనక్కి వచ్చేవాళ్లు.

ఒక్క ప్రశ్న అన్నాం కదా అని "బోనఫైడే కదా?" అని అడిగితే మాత్రం చెడింది. మాష్టారి మాట కాదనడం మన పెద్దలకు అలవాటు లేదు. "అవును సార్" అంటారు. జవాబు మనమే నోట్లో పెట్టే ప్రశ్న కన్నా ఐదు ప్రశ్నల జాబితాయే నయం.

జాబితా కావలసిన చోట్లు కూడా ఉన్నాయి. స్కాలర్‌షిప్ దరఖాస్తుకు బ్యాంకు ఖాతా నంబరు, ఆదాయ పత్రం, కుల ధ్రువపత్రం, ఫోటో అన్నీ కావాలి. ఒకటి తేలితే ఇంకొకటి తేలదు. అక్కడ రోజుకొకటి అడిగితే ఇంట్లో వాళ్లకు విసుగు, ఆఫీసుకు నాలుగుసార్లు తిరుగుడు. అన్నీ ఒక చీటీ మీద రాసి ఇవ్వడమే మేలు. అలాగే మనిషి మళ్లీ దొరకడనుకున్నప్పుడు, ఊరికెళ్లే బస్సెక్కుతున్నప్పుడు, అవసరమైనవన్నీ అప్పుడే అడగాలి.

ఇది బడివాళ్లకే చెప్పే మాట కాదు. మేమూ సగం సందేశాలు పంపుతాం. "రేపు పిల్లలతో ఫోటోలు పంపండి" అని రాసేస్తాం. దానికి ఎన్ని, ఏ సైజు, యూనిఫాంలోనా, పేరు రాయాలా అని గ్రూపులో నలభైమంది నాలుగు ప్రశ్నల చొప్పున వేస్తే మాష్టారు ఏ ఒక్కటీ చూడరు. "ఫోటోలు దేనికి సార్?" అని ఒకరు అడిగితే చాలు. పదో తరగతి పరీక్ష దరఖాస్తుకా, బస్ పాస్‌కా అన్నది తేలితే ఫోటో ఎలా ఉండాలో అందరికీ ఒకేసారి తెలుస్తుంది.

ఇటువంటిదే ఇంకొకటి. "పాప రేపు రాదు సార్" అని వస్తే, ఎందుకు అని అడగబుద్ధేస్తుంది. నేను "మళ్లీ ఏ రోజు వస్తుందమ్మా?" అని అడుగుతాను. ఒక్కరోజైతే నేను చేసేదేమీ లేదు. వారం అంటే పరీక్షలున్నాయేమో చూడాలి, పాఠాలు పంపాలి. కారణం నేనడగకపోయినా దాంతోపాటే వస్తుంది. "జ్వరం సార్, రెండు రోజులు పడుతుంది" అనో, "జాతరకు ఊరికి పోతున్నాం, ఆదివారం వస్తాం" అనో చెప్పేస్తారు.

మొదట చెప్పిన ఆ తండ్రి ఈ మధ్య మళ్లీ సందేశం పంపాడు. సర్టిఫికెట్ పేరు ఈసారీ రాయలేదు. "సార్, బ్యాంకులో ఇవ్వాల, పాప పేరు మీద ఖాతాకు. సర్టిఫికెట్ కావాల" అని ఉంది. నేను అడగవలసిన ప్రశ్న ఏమీ మిగల్లేదు. "రేపు నాలుగు గంటలకు రండి" అని రాశాను.