బ్యాట్ తగిలిన బంతి: గ్రాఫ్ నుంచి ప్రచోదనం

ఈ గ్రాఫ్ చూడండి. అడ్డంగా కాలం, నిలువుగా బంతిపై బ్యాట్ చూపిన బలం. బలం సున్నా నుంచి 12,000 న్యూటన్ల దాకా ఎక్కి, మళ్ళీ సున్నాకి దిగింది. అంతా 1.6 మిల్లీసెకన్లలోనే. నిజానికి ఇది వంపు రేఖే, మనం త్రిభుజం అనుకుందాం.

బలం మారుతూ ఉంది కదా, అందుకే 12,000ని నేరుగా కాలంతో గుణించకూడదు. రేఖ కింద వైశాల్యం కావాలి: ½ × 0.0016 × 12,000 = 9.6 న్యూటన్ సెకన్లు. ఇదే ప్రచోదనం, బంతి ద్రవ్యవేగంలో మార్పు కూడా ఇదే.

బంతి ద్రవ్యరాశి 0.16 కిలోలు. భాగిస్తే 60. అంటే బంతి సెకనుకు 60 మీటర్లతో వెళ్ళిందా? కాదండీ. చదువుకునే రోజుల్లో నేనూ ఇక్కడే తప్పు చేశాను. 60 అనేది వేగంలో మార్పు మాత్రమే. బౌలర్ వైపుని ధనాత్మకం అనుకుంటే, బంతి 25తో ఎదురొచ్చింది కాబట్టి అది −25. దానికి 60 కలిపితే 35. బంతి బౌలర్ వైపు సెకనుకు 35 మీటర్లతో వెళ్ళింది.