సూది నంబరు పెరిగితే సూది సన్నం

విజయనగరంలో మా వీధిలో ఒక పెద్దావిడ ఉన్నారు. డల్లాస్‌లో ఉన్న మనవడికి స్వెటర్ అల్లాలని కూతురి చేత నమూనా కాగితం తెప్పించుకున్నారు. అందులో రెండు విషయాలు స్పష్టంగా ఉన్నాయి. సూది నంబరు 6. పది సెంటీమీటర్ల వెడల్పులో 22 కుట్లు రావాలి. ఆవిడ బజారుకు వెళ్ళి 6వ నంబరు సూదుల జత కొన్నారు. చేయి తిరిగిన మనిషి కనుక ముందుగా చిన్న ముక్క అల్లి చూసుకున్నారు. పద్దెనిమిదిన్నర కుట్లే వచ్చాయి. ముక్కను కిటికీకి ఎదురుగా పట్టుకుంటే ఎదుటి గోడ కనిపించింది.

ఫోనులో కూతురు, "అమ్మా, ఒక సైజు తగ్గించి చూడు" అంది. ఆవిడ 5వ నంబరు సూదులు తెచ్చుకుని మళ్ళీ అల్లారు. ఈసారి 17 కుట్లు. బట్ట బిగియడానికి బదులు ఇంకా వదులైంది. ఇద్దరిలో ఎవరూ తప్పు చెప్పలేదు, ఎవరూ తప్పు అల్లలేదు. తప్పంతా నంబరులో ఉంది.

మన బజార్లలో దొరికే సూదుల మీద ఉండేవి పాత బ్రిటిష్ నంబర్లు. ఆ పద్ధతిలో నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. అమెరికా పద్ధతి దీనికి సరిగ్గా ఎదురు: నంబరు పెరిగితే సూది లావు. అమెరికా 6 అంటే 4 మిల్లీమీటర్ల సూది, మన 6 అంటే 5 మిల్లీమీటర్లు. మన 5వ నంబరు ఇంకా లావు, ఐదున్నర మిల్లీమీటర్లు. ఆవిడకు నిజానికి కావలసింది మన 8వ నంబరు.

బ్రిటిష్ నంబర్లు తీగల కొలతతో కలిసి నడుస్తాయి. లోహపు తీగను అచ్చు రంధ్రాల గుండా లాగుతూ సన్నబరుస్తారు. ఎక్కువసార్లు లాగిన తీగకు ఎక్కువ నంబరు. అందుకే పొలం మోటారుకు వైండింగ్ కట్టే మెకానిక్కు ఈ లెక్క కొత్త కాదు. ఆయన చెప్పే పదో నంబరు తీగా, మన పదో నంబరు సూదీ రెండూ 3.25 మిల్లీమీటర్లే. పొందూరులో నూలు వడికేవారికైతే అసలే చెప్పనక్కర్లేదు. కౌంటు పెరిగితే దారం సన్నమన్నది వాళ్ళ చేతివేళ్ళకే తెలుసు. పాపం, స్వెటర్ అల్లేవాళ్ళే రెండు దేశాల నంబర్ల మధ్య చిక్కుకుంటున్నారు. నా మటుకు నేను నంబరును నమ్మడం మానేశాను. సూదికి ఎన్ని మిల్లీమీటర్లో మాత్రమే చూస్తాను.

ఇంతకీ ఒక్క మిల్లీమీటరు తేడా బట్టను ఇంతగా ఎలా మారుస్తుంది? మన తీరంలో చేత్తో వల అల్లేవారిని తలచుకుంటే సగం సంగతి తెలుస్తుంది. వల కంటి కొలతను నిర్ణయించేది దారాన్ని చుట్టే బద్ద. బద్ద వెడల్పైతే కన్ను పెద్దది. స్వెటర్ అల్లికలో ఆ బద్ద పని సూది చేస్తుంది. ప్రతి కుట్టూ సూది చుట్టూ తిరిగిన ఒక ఉచ్చు. సూది ఎంత లావైతే ఉచ్చులోకి అంత పొడవు దారం పోతుంది. అయితే వలలో ప్రతి కన్నూ ముడి పడి ఉంటుంది, స్వెటర్‌లో ముడి ఉండదు. ఒక ఉచ్చు నుంచి పక్క ఉచ్చులోకి దారం జారగలదు. అందుకే అల్లికను లాగితే సాగుతుంది, వదిలితే సర్దుకుంటుంది, ఉతికితే మరో రూపానికి వస్తుంది.

ఈ ఉచ్చుల లెక్కను బ్రిటన్‌లో డి.ఎల్. మండెన్ 1959లో ప్రచురించిన పరిశోధనలో తేటపరిచాడు. సాదా అల్లిక ఏ లాగుడూ లేకుండా సేద తీరిన స్థితిలో ఉన్నప్పుడు దాని కొలతలను ప్రధానంగా నిర్ణయించేది ఒక్కటే: ఒక ఉచ్చులో ఉన్న దారం పొడవు. ఒక సెంటీమీటరులోని కుట్ల సంఖ్యను ఉచ్చు పొడవుతో, అదీ సెంటీమీటర్లలో, గుణిస్తే దాదాపు 4 వస్తుంది. ఉచ్చు పొడవు పెరిగితే కుట్ల సంఖ్య అదే నిష్పత్తిలో తగ్గాలన్నమాట.

ఈ సూత్రాన్ని ఆ పెద్దావిడ ముక్కల మీద పెట్టి చూద్దాం. పది సెంటీమీటర్లకు పద్దెనిమిదిన్నర కుట్లంటే ఒక్కో ఉచ్చులో సుమారు 21.6 మిల్లీమీటర్ల దారం ఉండాలి. ఐదు మిల్లీమీటర్ల సూది చుట్టుకొలత 15.7 మిల్లీమీటర్లు. మిగిలిన ఆరు మిల్లీమీటర్లూ ఒక కుట్టు నుంచి పక్క కుట్టుకు వెళ్ళే దారం. సూదిని 4 మిల్లీమీటర్లకు తగ్గిస్తే చుట్టుకొలత 12.6 అవుతుంది. పక్కకు వెళ్ళే దారం మారలేదనుకుంటే ఉచ్చు పొడవు 18.5 మిల్లీమీటర్లు, కుట్లు ఇరవై ఒకటిన్నర. ఆవిడ మూడోసారి 8వ నంబరుతో అల్లినప్పుడు వచ్చింది కూడా ఇరవై ఒకటిన్నరే. ఇది ముతక లెక్కే. దారం సాగుడు, వేళ్ళ పట్టు, ఊలు నునుపు ఇందులో లేవు. అయినా ఎన్ని సైజులు మారాలో ముందే అంచనా కట్టడానికి పనికొస్తుంది.

ఉచ్చు పొడవును కళ్ళారా కొలిచే దారి కూడా ఉంది. పై వరుసలో 20 కుట్లకు అటూ ఇటూ దారం మీద గుర్తు పెట్టి, ఆ వరుసను విప్పి, దారాన్ని వంకరలు పోయేంత వరకు మాత్రమే చాపి స్కేలు మీద పెట్టాలి. 6వ నంబరు ముక్కలో అది 43 సెంటీమీటర్ల దగ్గర, 8వ నంబరు ముక్కలో 37 దగ్గర ఉండాలి. ఇరవైతో భాగిస్తే ఉచ్చు పొడవు వస్తుంది.

ముక్కను సరిగా అల్లకపోతే ఈ లెక్కలన్నీ వృథా. పది సెంటీమీటర్లు కొలవాలని సరిగ్గా 22 కుట్లు ఎక్కించి మొదలుపెట్టేవాళ్ళను చాలామందిని చూశాను. అంచు కుట్లు ఎప్పుడూ వంకరగా, వదులుగా ఉంటాయి. వాటిని కలిపి కొలిస్తే లెక్క చెడుతుంది. కనీసం 32 కుట్లు ఎక్కించి, 40 వరుసలు అల్లి, నడిమి భాగంలోనే కొలవాలి. స్వెటర్ ఏ అల్లికలో ఉంటుందో ముక్కా అదే అల్లికలో ఉండాలి. తర్వాత దాన్ని స్వెటర్‌ను ఉతికినట్టే ఉతికి, పిండకుండా తువ్వాలులో అద్ది, బల్ల మీద పరిచి పూర్తిగా ఆరనివ్వాలి. మన ఉక్కపోతలో అది ఒక్క రోజులో ఆరుతుందని నమ్మకండి. ఊలు అక్రిలిక్ అయితే ఇస్త్రీ పెట్టె దగ్గరకు రానివ్వకూడదు. వేడికి దాని వంకీలు చచ్చి బట్ట జావగారిపోతుంది, మళ్ళీ కోలుకోదు. నూలు దారమైతే మరో పరీక్ష అవసరం. ముక్కను క్లిప్పులతో ఒక రాత్రి వేలాడదీయాలి, ఎందుకంటే నూలు స్వెటర్ తన బరువుకు తానే కిందికి సాగుతుంది.

కొలిచేటప్పుడు స్కేలును ముక్క మీద ఊరికే ఆనించాలి, ముక్కను లాగకూడదు. మూడు చోట్ల లెక్కపెట్టాలి. అర కుట్టును వదిలేయాలనిపిస్తుంది, వదలకూడదు. ఆ స్వెటర్‌కు ముందు వెనుక కలిపి 145 కుట్లు, చుట్టుకొలత 66 సెంటీమీటర్లు రావాలి. పద్దెనిమిదిన్నర లెక్కన అల్లి ఉంటే 78 దాటేది, పిల్లవాడి బదులు వాడి అన్నకు సరిపోయేది. ఊలు కూడా దాదాపు ఐదో వంతు ఎక్కువ పట్టేది, ఎందుకంటే కుట్ల సంఖ్య అదే, ఒక్కో కుట్టు మింగే దారమే పెరిగింది. అయినా బట్ట పలచగానే ఉండేది. ఇరవై ఒకటిన్నర లెక్కన 67.4 సెంటీమీటర్లు. అంటే అర కుట్టు ఖరీదు దాదాపు ఒకటిన్నర సెంటీమీటర్లు.

ఆవిడ 9వ నంబరుతో, అంటే 3.75 మిల్లీమీటర్లతో, నాలుగో ముక్క కూడా అల్లారు. ఇరవై రెండున్నర కుట్లు వచ్చాయి, చుట్టుకొలత 64.4 అవుతుంది. సరిగ్గా 22 ఇచ్చే సూది ఆ రెండింటి మధ్య ఎక్కడో ఉండాలి, కానీ ఆ సూది బజారులో లేదు. ఇలాంటప్పుడు సూత్రం కాదు, వివేకం తేల్చాలి. ఎదిగే పిల్లవాడికి ఒకటిన్నర సెంటీమీటర్ల వదులు నష్టం కాదు, ఒకటిన్నర సెంటీమీటర్ల బిగువు నష్టం. ఆవిడ 8 దగ్గరే ఆగారు. నేనున్నా అదే చేసేదాన్ని.

సూది మార్చకుండా చేతి బిగువు పెంచి సరిచేద్దామనేవారికి ఒక మాట. బిగువుగా లాగి అల్లడం మూడు వరుసల వరకే సాగుతుంది. కబుర్లలో పడగానే చేయి తన సహజ పట్టుకు తిరిగిపోతుంది. అప్పుడు స్వెటర్ కింది భాగం ఒక కొలత, పై భాగం మరో కొలత. వేళ్ళ నొప్పి అదనం. చేతిని దాని దారిన వదిలి సూదినే మార్చాలి. ఒక్క సందర్భంలో మాత్రం రెండు చేతి పట్లు ఒకే బట్టలో పోట్లాడుకుంటాయి. కొందరికి సూటి వరుస బిగువుగా, పర్ల్ వరుస వదులుగా వస్తుంది. బట్ట వెనుక వైపు గాళ్ళు పడినట్టు రెండేసి వరుసలకొక సందు కనిపిస్తుంది. వాళ్ళు పర్ల్ వరుసను ఒక సైజు సన్నని సూదితో అల్లితే చాలు.

సూది మార్చడం పనిచేయని చోటు కూడా ఒకటుంది. 22 కుట్లు సరిగ్గా వచ్చాయి, అయినా వేలు పెడితే ఉచ్చు తెరుచుకుని అలాగే ఉండిపోతోంది, నల్ల గుడ్డ మీద పెడితే నలుపు కనిపిస్తోంది. కొలత సరే, బట్ట వదులు. అలాంటప్పుడు ఊలు నమూనాలో చెప్పినదానికన్నా సన్నమని అర్థం. ఉచ్చు పొడవు సరిపోయింది కానీ దాన్ని నింపే లావు దారానికి లేదు. ఇక్కడ సన్నని సూది పట్టుకుంటే బట్ట బిగుస్తుంది, కానీ కుట్లు 25కి పెరిగి 145 కుట్ల స్వెటర్ 58 సెంటీమీటర్లకు కుదించుకుపోతుంది. ఆ బిగువే నచ్చితే కుట్లు పెంచి లెక్క తిరగరాయాలి: 66 సెంటీమీటర్లకు 165. లేదంటే సరైన లావున్న ఊలు వెతుక్కోవాలి.

స్వెటర్ పది సెంటీమీటర్లు పెరిగాక ఆవిడ మళ్ళీ స్కేలు పెట్టి చూశారు. చిన్న ముక్క అల్లేటప్పుడు ఉన్న జాగ్రత్త పెద్ద పనిలో ఉండదు కనుక ఈ రెండో కొలత తప్పనిసరి. 145 కుట్ల బరువు సూది మీద పడినా ఇరవై ఒకటిన్నర కదల్లేదు. నాలుగు నమూనా ముక్కలూ ఆవిడ బిస్కెట్ల డబ్బాలో ఉన్నాయి. ఏది ఏ సూదిదో చీటీ కట్టలేదు. ప్రతి ముక్క మొదటి వరుసల్లో సూది నంబరెంతో అన్ని పర్ల్ గింజలు వేసి ఉంచారు. మూడో ముక్క మీద ఎనిమిది గింజలు, పక్కన విడిగా మరో నాలుగు, మిల్లీమీటర్ల కోసం.