మెమరీ ఎఫెక్ట్ నిజమా, అబద్ధమా? టార్చిలైటుతో నేను పాడుచేసిన సెల్ కథ

 

మొన్న పండక్కి ఇంటికెళ్ళా. మా చెల్లి ఫోన్ 40 శాతంలో ఉండగా ఛార్జింగ్ పెడుతోంది. మా నాన్న వెంటనే, "ఒసేయ్, పూర్తిగా అయిపోయాక పెట్టవే, లేకపోతే బ్యాటరీకి మెమరీ పడిపోతుంది" అన్నారు. "ఎవరు చెప్పారు నాన్నా?" అని అడిగా. "కెమెరా కొన్నప్పుడు షాపతను చెప్పాడ్రా" అన్నారు. ఆ కెమెరా ఇంకా మా బీరువాలో ఉంది. పెన్సిల్ సెల్స్ నాలుగు వేసుకునే పాత డిజిటల్ కెమెరా.

ఫోన్ విషయంలో నాన్న చెప్పింది తప్పు. ఫోన్‌లో ఉండేది లిథియం బ్యాటరీ, దానికి ఈ రూల్ వర్తించదు. కానీ ఆ షాపతను పూర్తిగా అబద్ధం చెప్పలేదు. వేరే బ్యాటరీకి సంబంధించిన ఒక నిజాన్ని అందరికీ కలిపి చెప్పేశాడు. ఆ నిజం ఏంటి, ఎక్కడిదాకా నిజం, ఎక్కడ దాటితే మన చేత్తో మనమే సెల్‌ని చంపేస్తాం అనేదే ఈరోజు ఎపిసోడ్. చంపేసిన వాణ్ణి నేనే కాబట్టి ధైర్యంగా చెప్తున్నా.

మెమరీ అనే మాట ఎక్కడిది?

ముందు నికెల్ కాడ్మియం సెల్ గురించి మాట్లాడుకుందాం. పాత కార్డ్‌లెస్ ఫోన్లు, ఎమర్జెన్సీ లైట్లు, ట్రిమ్మర్లలో ఉండేది అదే. మెమరీ గురించి ఎప్పుడూ చెప్పే క్లాసిక్ ఉదాహరణ మాత్రం ఉపగ్రహాలది. భూమికి దగ్గరగా తిరిగే ఉపగ్రహం సుమారు గంటన్నరకి ఒక చుట్టు తిరుగుతుంది. అందులో అరగంట పైచిలుకు భూమి నీడలో ఉంటుంది. నీడలో బ్యాటరీ వాడుతుంది, ఎండలోకి రాగానే సోలార్ ప్యానెల్‌తో ఛార్జ్ చేసుకుంటుంది. ప్రతి చుట్టులోనూ దాదాపు అంతే వాడకం, అంతే ఛార్జింగ్. ఉదాహరణకి, ప్రతిసారీ పావు వంతే వాడుతుంది అనుకోండి. వందల సార్లు అలాగే జరిగాక, ఒక రోజు పావు కంటే ఎక్కువ వాడబోతే, సరిగ్గా ఆ అలవాటైన చోటు దాటగానే వోల్టేజ్ కిందకి జారుతుంది. "నాకు ఇంతవరకే అలవాటు" అన్నట్టు ప్రవర్తిస్తుంది కాబట్టి మెమరీ అని పేరొచ్చింది.

ఎందుకు జారుతుంది? పంచదార, పటికబెల్లం గుర్తుచేసుకోండి. రెండూ ఒకటే పదార్థం. కానీ పంచదార నీళ్ళలో చటుక్కున కరుగుతుంది, పటికబెల్లం ముక్క నెమ్మదిగా కరుగుతుంది, ఎందుకంటే నీళ్ళకి తగిలే పైభాగం తక్కువ. సెల్ లోపల వాడకుండా వదిలేసిన కాడ్మియం కూడా అలాగే. సన్న రేణువులుగా ఉండాల్సింది, కాలం గడిచేకొద్దీ పెద్ద స్ఫటికాలుగా పెరుగుతుంది. పదార్థం అక్కడే ఉంది, కానీ కరెంట్ అడిగినంత వేగంగా పని చెయ్యలేదు. అందుకే వోల్టేజ్ పడుతుంది.

ఇప్పుడు మన ఇంటి సంగతి చూడండి. మీరు ట్రిమ్మర్ రోజూ సరిగ్గా అన్నే నిమిషాలు వాడి, అంతే ఛార్జ్ చేస్తారా? ఒక రోజు రెండు నిమిషాలు, ఇంకో రోజు పది, మధ్యలో వారం మర్చిపోతాం. అలాంటి వాడకంలో ఈ అసలైన మెమరీ ఏర్పడే అవకాశం చాలా తక్కువ. మరి ఇళ్ళలో "మెమరీ పడింది" అని జనం చెప్పుకునేది ఏంటి? చాలాసార్లు అది వేరే సమస్య. దాని పేరు వోల్టేజ్ డిప్రెషన్.

మెటల్ హైడ్రైడ్ సెల్‌లో జరిగేది

ఇప్పుడు షాపుల్లో దొరికే రీఛార్జబుల్ పెన్సిల్ సెల్స్ ఎక్కువగా నికెల్ మెటల్ హైడ్రైడ్. ఇందులో కాడ్మియం అసలు లేదు. దాని బదులు హైడ్రోజన్‌ని పీల్చుకుని పట్టుకునే లోహ మిశ్రమం ఉంటుంది. కాబట్టి కాడ్మియం స్ఫటికాల కథ దీనికి కుదరదు. "మెటల్ హైడ్రైడ్‌కి మెమరీ లేదు" అని ప్యాకెట్ మీద రాస్తే, ఆ అర్థంలో అది నిజమే.

కానీ ప్లస్ వైపు పలక రెండు రకాల సెల్స్‌లోనూ ఒకటే, నికెల్ హైడ్రాక్సైడ్. సెల్ నిండాక కూడా ఛార్జర్ తోస్తూనే ఉంటే ఈ నికెల్ పదార్థంలో కొంత భాగం గామా అనే ఇంకో రూపంలోకి మారుతుంది. ఎప్పుడూ కొంచెమే వాడి మళ్ళీ ఛార్జ్ చేస్తూ పోయినా ఇది పేరుకుంటుంది. ఆ రూపం మామూలు దానికంటే కొంచెం తక్కువ వోల్టేజ్ ఇస్తుంది. సెల్‌లో ఛార్జ్ ఉంది, కానీ వోల్టేజ్ దిగువన ఇస్తోంది. అంతే. ఇది ఏదో ఒక అలవాటైన పాయింట్‌ని గుర్తుపెట్టుకోవడం కాదు కాబట్టి దీన్ని మెమరీ అనడం సరికాదు.

మనకి బాధ ఎక్కడొస్తుందంటే, కెమెరాకి లోపల ఎంత ఛార్జ్ ఉందో తెలీదు. అది చూసేది వోల్టేజ్ మాత్రమే. నా కెమెరా నాలుగు సెల్స్ కలిపి సుమారు 4.4 వోల్టులకి వస్తే "లో బ్యాటరీ" అని ఆగిపోతుంది, అంటే ఒక్కో సెల్‌కి 1.1. ఆరోగ్యంగా ఉన్న సెల్ చాలాసేపు 1.2 దగ్గర నిలబడుతుంది. డిప్రెషన్ ఉన్న సెల్ 1.13 దగ్గర నడుస్తుంటే, జూమ్ మోటార్ తిరగ్గానే ఒక్కసారి 1.1 కిందకి పోతుంది. కెమెరా ఆగిపోతుంది. మనం "సెల్స్ పోయాయి" అనుకుంటాం.

నేను చేసిన తప్పు

నా దగ్గర 2000 ఎంఏహెచ్ సెల్స్ రెండు సెట్లు ఉన్నాయి. ఒక సెట్‌కి నీలం టేపు, ఇంకోదానికి ఎర్ర టేపు. రెండూ ఒక పాత ఛార్జర్‌లో రాత్రంతా పెట్టి వదిలేసేవాణ్ణి. దానికి సెల్ నిండితే ఆపడం తెలీదు. కొన్నాళ్ళకి రెండు సెట్లతోనూ కెమెరా పదిహేను ఫోటోలకే ఆగిపోవడం మొదలైంది.

నేనూ మా నాన్న కొడుకునే కదా. "మెమరీ చెరిపేద్దాం" అని ఎర్ర సెట్‌ని నాలుగు సెల్స్ టార్చిలైటులో వేసి, ఆన్ చేసి పడుకున్నా. పొద్దున్నే చూస్తే లైటు ఆరిపోయి ఉంది. ఛార్జ్ చేసి కెమెరాలో వేస్తే ఇప్పుడు ఆన్ కూడా అవ్వలేదు!

ఏం జరిగిందంటే, నాలుగు సెల్స్ ఒకదాని వెనక ఒకటి ఉన్నప్పుడు అన్నీ ఒకేసారి ఖాళీ కావు. అన్నిటికంటే బలహీనమైనది ముందు అయిపోతుంది. మిగిలిన మూడు మాత్రం ఇంకా కరెంట్ తోస్తూనే ఉంటాయి, ఆ ఖాళీ సెల్ గుండా. దాంతో దాని ప్లస్ మైనస్ తారుమారైపోతాయి. లోపల గ్యాస్ పుడుతుంది, ఒత్తిడి పెరిగితే సేఫ్టీ వాల్వ్ తెరుచుకుని బయటికి పోతుంది. నా సెల్‌లో ఒకదాని అంచున తెల్లటి పొడి కనిపించింది. లీక్ అయిందన్నమాట.

ఎలా కనిపెట్టాలి?

అప్పుడు బుద్ధిగా టెస్ట్ చేశా. మీరూ చెయ్యొచ్చు. కావాల్సింది ఒక మల్టీమీటర్, ఒక సెల్ పట్టే హోల్డర్, 4.7 ఓమ్‌ల రెసిస్టర్ (1 వాట్ లేదా అంతకంటే పెద్దది). నిండుగా ఛార్జ్ చేసిన ఒక్క సెల్‌కే రెసిస్టర్ కట్టండి. సుమారు పావు యాంప్ కరెంట్ పోతుంది. కాబట్టి మంచి 2000 ఎంఏహెచ్ సెల్ 1.0 వోల్టుకి రావడానికి ఏడున్నర, ఎనిమిది గంటలు పట్టాలి. మధ్యమధ్యలో, రెసిస్టర్ కట్టి ఉండగానే వోల్టేజ్ రాసుకోండి. ఊరికే పక్కన పెట్టిన సెల్‌ని కొలిస్తే చచ్చిన సెల్ కూడా 1.3 చూపించి మోసం చేస్తుంది. 1.0 రాగానే తీసెయ్యండి. అక్కడికి దాదాపు అంతా అయిపోయినట్టే, కింద ఇంకేం మిగలదు.

నీలం సెట్ సెల్స్ నాలుగూ ఏడు గంటల పైనే నడిచాయి. అంటే ఛార్జ్ ఎక్కడికీ పోలేదు! కానీ మూడు గంటల దగ్గర 1.13 మాత్రమే ఉంది. ఇది డిప్రెషన్. అలా ఒక్కొక్కటిగా 1.0 దాకా దించి, మంచి ఛార్జర్‌లో నింపి, రెండుసార్లు రిపీట్ చేశా. మూడోసారి అదే మూడు గంటల దగ్గర 1.21 వచ్చింది. కెమెరా మళ్ళీ మామూలుగా పనిచేసింది.

ఎర్ర సెట్‌లో మూడు సెల్స్ అలాగే బాగున్నాయి. లీకైనది మాత్రం రెండుంబావు గంటల్లోనే 1.0కి పడిపోయింది. అంటే 540 ఎంఏహెచ్ దగ్గర. ఎన్నిసార్లు తిప్పినా అంతే. అది డిప్రెషన్ కాదు, నిజంగానే పోయింది. బహుశా ముందే కొంచెం బలహీనంగా ఉండి ఉంటుంది, మిగతాది నా టార్చిలైటు పూర్తిచేసింది.

తేడా గుర్తుపెట్టుకోండి: టైమ్ సరిపోయి వోల్టేజ్ తక్కువైతే బాగుచెయ్యొచ్చు. టైమే తగ్గిపోతే అది ముసలితనం లేదా దెబ్బ, ఏ సైకిల్ చేసినా తిరిగిరాదు.

మరి రోజూ ఏం చెయ్యాలి?

ప్రతిసారీ ఖాళీ చెయ్యక్కర్లేదు. అలా చేస్తే సెల్ ఆయుష్షే తరుగుతుంది. కెమెరా త్వరగా ఆగిపోతోంది అనిపించినప్పుడు మాత్రం ఒక్కో సెల్‌ని విడిగా 1.0 దాకా దించి నింపండి, రెండు మూడుసార్లు చాలు. అసలు మందు మాత్రం ఛార్జర్‌లో ఉంది. సెల్ నిండినప్పుడు వోల్టేజ్ ఒక శిఖరానికి వెళ్ళి కాస్త దిగుతుంది, మంచి ఛార్జర్ దాన్ని చూసి ఆపేస్తుంది. ఆ దిగడం కాడ్మియం సెల్‌లో స్పష్టంగా ఉంటుంది, మెటల్ హైడ్రైడ్‌లో కొన్ని మిల్లీవోల్టులే. అందుకే పాత కాడ్మియం ఛార్జర్‌లో కొత్త సెల్ పెడితే అది నిండిందని గుర్తించలేక తోస్తూనే ఉంటుంది. సెల్ చెయ్యి కాలేంత వేడెక్కితే అనుమానించండి. ఇక చచ్చిన కాడ్మియం సెల్‌ని చెత్తబుట్టలో వెయ్యొద్దు, కాడ్మియం విషం. ఈ-వేస్ట్ తీసుకునేవాళ్ళకి ఇవ్వండి.

ఇదంతా నాన్నకి చెప్పా. మొత్తం విని, "అయితే మీ చెల్లి ఎప్పుడైనా పెట్టుకోవచ్చన్నమాట" అన్నారు. పెట్టుకోవచ్చు. ఆ లీకైన సెల్ మాత్రం మాట్లాడకుండా నా చేతి నుంచి తీసుకుని, కవర్లో చుట్టి, "టౌన్‌కి వెళ్ళినప్పుడు ఇచ్చేస్తాలే" అన్నారు.

మీ ఇంట్లో పాత రీఛార్జబుల్ సెల్స్ ఉంటే పారేసే ముందు ఒక్కసారి రెసిస్టర్ టెస్ట్ చేసి, ఎన్ని గంటలు వచ్చిందో కామెంట్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా, బై.